వాసన ముందా, నొప్పి ముందా

పక్క సీటులో కూర్చున్నావిడ కొట్టుకున్న సెంటుకు తలనొప్పి వచ్చిందని చెబితే మన ఇళ్లలో నమ్మేవాళ్లు తక్కువ. "మరీ సుకుమారం" అంటారు, "అంతా మనసులోనే ఉంది" అంటారు. మైగ్రేన్ ఉన్నవాళ్లకు మాత్రం ఇది రోజువారీ బాధ. 2007లో అమెరికాలో ఒక తలనొప్పి వైద్యుడు తన దగ్గరికి వచ్చిన 1,207 మంది మైగ్రేన్ రోగులను మీకు నొప్పి దేనివల్ల మొదలవుతోందని అడిగితే, దాదాపు 44 శాతం మంది సెంటునో మరో ఘాటు వాసననో చెప్పారు. 2014లో బ్రెజిల్ వైద్యులు ఇంకాస్త లోతుగా వెళ్లారు. మైగ్రేన్ ఉన్న 200 మందినీ, మామూలు ఒత్తిడి తలనొప్పి ఉన్న 200 మందినీ పక్కపక్కన పెట్టి అడిగారు. మైగ్రేన్ వాళ్లలో 70 శాతం మంది వాసనకు తలనొప్పి వస్తుందన్నారు. ఒత్తిడి తలనొప్పి వాళ్లలో ఒక్కరూ అనలేదు. ఏ వాసన అని అడిగితే ఎక్కువమంది నోట వచ్చింది సెంటే. ఆ తర్వాత పెయింటు, పెట్రోలు, బ్లీచింగు వచ్చాయి.

అంటే వాసన పడకపోవడం ఆ మనిషి స్వభావానికి సంబంధించింది కాదు, ఆ జబ్బుకు సంబంధించింది. రోగికి ఉన్నది ఏ రకం తలనొప్పో తేల్చుకోవడానికి వైద్యుడికి పనికొచ్చే ఆనవాలు కూడా. ఇంతవరకు పేచీ లేదు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. సెంటు వాసన నొప్పిని తెచ్చిందా, లేక అప్పటికే మొదలైన నొప్పి ఆ వాసనను భరించలేనిదిగా మార్చిందా? ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో తెలుసుకుంటేనే బస్సులో, లిఫ్టులో ఏం చెయ్యాలో తెలుస్తుంది.

ముందు ముక్కు సంగతి చూద్దాం. ముక్కులో వాసన పట్టే నరం ఒకటే ఉందనుకుంటాం. నిజానికి అక్కడ రెండు నరాలు పనిచేస్తాయి. ఒకటి ఘ్రాణనాడి. ఇది మల్లెపూవు, ఇంగువ, తడిమట్టి అని వాసనను గుర్తుపడుతుంది. రెండోది త్రిధారనాడి. మొహానికంతటికీ స్పర్శనూ నొప్పినీ తెలిపే పెద్ద నరం ఇది. దీని కొనలు ముక్కు లోపలి పొరలో కూడా ఉంటాయి. మిరపకాయల పోపు ఘాటుకు ముక్కు మండటం, ఉల్లిపాయ కోస్తుంటే కళ్లు మండటం, కర్పూరం దగ్గరగా పీలిస్తే చల్లగా గుచ్చినట్టుండటం దీని పనే. సెంటులో ఉన్న ఆల్కహాలూ, ఇతర రసాయనాలూ ఎక్కువ మోతాదులో వస్తే ఘ్రాణనాడితో పాటు దీన్నీ తాకుతాయి.

మైగ్రేన్ నొప్పి పుట్టేదీ ఈ త్రిధారనాడి నుంచే. మెదడును కప్పి ఉంచే పొరలకు, అక్కడి రక్తనాళాలకు ఈ నరం శాఖలే వెళతాయి. నరం రేగినప్పుడు దాని కొనల నుంచి సీజీఆర్‌పీ అనే చిన్న ప్రోటీను విడుదలవుతుంది, రక్తనాళాలు వెడల్పవుతాయి, నొప్పి సంకేతాలు మెదడు కాండంలోకి చేరతాయి. కాబట్టి ముక్కుకు తగిలిన ఘాటు కణతల్లో నొప్పిగా మారడానికి దారి ఉంది. దీనికి చక్కటి రుజువు ఒక చెట్టు ఇచ్చింది. అమెరికా పశ్చిమ తీరంలో కాలిఫోర్నియా బే లారెల్ అనే చెట్టు పెరుగుతుంది. దాని ఆకు నలిపి వాసన చూస్తే తలనొప్పి వస్తుందని అక్కడివాళ్లు దాన్ని 'తలనొప్పి చెట్టు' అనే పిలుస్తారు. ఆ ఆకులో ఉండే అంబెల్యులోన్ అనే పదార్థాన్ని ఇటలీ పరిశోధకులు పరీక్షించి, అది త్రిధారనాడి కొనల మీదున్న టీఆర్‌పీఏ1 అనే గ్రాహకాన్ని తట్టి సీజీఆర్‌పీని విడుదల చేయిస్తోందని 2012లో తేల్చారు. పల్లె నోటి మాటను ప్రయోగశాల నిజమని తేల్చిన సందర్భం ఇది. నాకు ఎంతో ఇష్టమైన పరిశోధనల్లో ఒకటి.

కథ ఇక్కడితో అయిపోతే సెంటు ముద్దాయి అని తేల్చేసి ఊరుకోవచ్చు. కానీ మైగ్రేన్ అంటే తలనొప్పి ఉన్న ఆ కొద్ది గంటలే కాదు. నొప్పికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి రెండు రోజుల ముందు నుంచే మెదడులో మార్పు మొదలవుతుంది. ఆవులింతలు ఆగవు. మెడ పట్టేస్తుంది. తీపి మీదకు మనసు పోతుంది. ఊరికే చిరాకు వస్తుంది. వెలుతురు గుచ్చుకుంటుంది, రోజూ ఉండే వాసనలే ముక్కు బద్దలయ్యేలా అనిపిస్తాయి. జర్మనీలో 2016లో ఒక మైగ్రేన్ రోగికి 30 రోజుల పాటు రోజూ మెదడు స్కాన్ తీశారు. నొప్పి మొదలయ్యే ముందు 24 గంటల్లో హైపోథాలమస్ తీరు మారడం అందులో కనిపించింది. ఆకలి, నిద్ర, దాహం నడిపించే భాగం అది. దానికి ఐదేళ్ల ముందు అదే బృందం గులాబీ వాసనతో ఒక పరీక్ష చేసింది. నొప్పి లేని రోజుల్లో ఆ వాసనకు మైగ్రేన్ రోగుల మెదడు మామూలు వాళ్ల మెదడులాగే స్పందించింది. నొప్పి ఉన్నప్పుడు మాత్రం భావోద్వేగాలను చూసే భాగాలూ, మెదడు కాండమూ అదే గులాబీకి ఎక్కువగా స్పందించాయి. గులాబీ మారలేదు, వాసన చూసే మెదడు మారింది.

ఇప్పుడు ఒక ఉదయాన్ని ఊహించండి. నిన్న రాత్రే మొదలైన మైగ్రేన్ ఇంకా నొప్పిగా తేలలేదు. బస్సు ఎక్కారు. పక్కన ఎవరో బాడీ స్ప్రే కొట్టుకుని ఉన్నారు. రోజూ ఉండే వాసనే ఈరోజు భరించలేనట్టుంది. అరగంటకు నొప్పి వచ్చింది. స్ప్రే వల్లే వచ్చిందని మీరు ఒట్టేసి చెప్పగలరు. కానీ ఆ స్ప్రే లేకపోయినా నొప్పి వచ్చేదే. ఇలాంటి పొరపాటు వాసన విషయంలోనే కాదు. డెన్మార్క్‌లో 2013లో ఒక బృందం తీవ్రమైన వెలుతురు వల్లనో, కఠిన వ్యాయామం వల్లనో తమకు మైగ్రేన్ వస్తుందని గట్టిగా చెప్పిన 27 మందిని తీసుకుని, వాళ్లు చెప్పిన దాన్నే వాళ్ల మీద ప్రయోగించింది. కళ్ల ముందు మెరుపులతో మొదలయ్యే వాళ్ల మామూలు మైగ్రేన్ వచ్చింది ముగ్గురికే. మరో ముగ్గురికి మెరుపులు లేని మైగ్రేన్ వచ్చింది. మిగతా వాళ్లకు మైగ్రేన్ రాలేదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఒక్క కారణం ఒంటరిగా చాలలేదు, లేదా అది కారణమే కాదు.

ఒంటరిగా చాలకపోవడం అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. మైగ్రేన్ ఉన్న మెదడుకు ఓర్పు రోజుకో స్థాయిలో ఉంటుంది. నిద్ర చాలకపోతే, పూట తిండి తప్పితే, నెలసరి దగ్గర పడితే ఆ స్థాయి పడిపోతుంది. గొంతు దాకా నీళ్లలో నిలబడ్డ మనిషిని ముంచడానికి చిన్న అల చాలు, మోకాటి లోతులో ఉన్నవాణ్ణి అదే అల ఏమీ చెయ్యదు. సెంటు ఎక్కువసార్లు ఆ చిన్న అలే. అందుకే అదే బస్సు, అదే వాసన ఒక రోజు పడి, ఇంకో రోజు పడదు. "నిన్న లేనిది ఈరోజు ఎలా వచ్చింది?" అని ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు ఇదే.

ఇక్కడే ఇంకో అయోమయాన్ని తీర్చుకోవాలి. ఘాటు వాసన తగిలిన తర్వాత ముక్కు బిగుసుకుపోయి, కళ్ల వెంట నీళ్లు కారి, నుదురు బరువెక్కి నొప్పి వస్తే మనవాళ్లు అనేది ఒకటే మాట: "నాకు సైనస్ ఉంది." ఏళ్ల తరబడి ఆవిరి పట్టుకుంటూ, జలుబు మాత్రలు మింగుతూ గడుపుతారు. తమకు సైనస్ తలనొప్పి ఉందని తామే అనుకున్న, లేదా వైద్యుడు అలా చెప్పిన 2,991 మందిని అమెరికాలో పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్‌కు సరిపోయాయి. త్రిధారనాడి రేగితే ముక్కు దిబ్బడా, కంటి నీరూ కూడా వస్తాయి కాబట్టి ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. నిజమైన సైనస్ ఇన్‌ఫెక్షన్‌లో చిక్కటి పసుపుపచ్చ చీమిడి, చాలాసార్లు జ్వరం ఉంటాయి, నొప్పి రోజుల తరబడి నిలుస్తుంది. ఎలర్జీ అయితే తుమ్ములు, దురద ముందుంటాయి. నొప్పితో పాటు వికారం, వెలుతురు పడకపోవడం, కదిలితే ఎక్కువ కావడం ఉండి, ఒక పూటలోనో రెండు మూడు రోజుల్లోనో పూర్తిగా తగ్గిపోతుంటే మైగ్రేన్‌ను అనుమానించాలి.

సరే, మీ సంగతి మీరు ఎలా తేల్చుకోవాలి? దీనికి ఒక నోటు పుస్తకం చాలు, కానీ రాసే పద్ధతి ముఖ్యం. అందరూ చేసే తప్పు ఒకటుంది. తలనొప్పి వచ్చిన రోజే పుస్తకం తీసి ఆ రోజు ఏం జరిగిందో రాస్తారు. అప్పుడు మనసు ముందే అనుకున్న ముద్దాయినే పట్టుకొస్తుంది. సెంటు వాసన తగిలినా నొప్పి రాని రోజులు ఎన్నో ఆ పుస్తకంలో ఎక్కడా ఉండవు. ఆ రోజులు లేకుండా లెక్క తేలదు. కాబట్టి నొప్పి ఉన్నా లేకపోయినా ప్రతి రాత్రి పడుకునే ముందు రాయాలి: ఎన్ని గంటలు నిద్రపోయారు, పొద్దున ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, నెలసరి ఎన్నో రోజు, ఘాటు వాసన తగిలిందా, ఏది, ఎక్కడ, ఎంతసేపు, నొప్పి మొదలైన సమయం, వేసుకున్న మాత్ర. వీటితో పాటు ఒక్క గడి మాత్రం పొద్దున్నే, ఇల్లు కదలక ముందే నింపాలి. ఆవులింతలు, మెడ పట్టడం, చిరాకు, రోజూ వెలిగించే అగరబత్తి ఈరోజు ఎక్కువగా అనిపించడం ఉన్నాయా లేవా అన్న గడి అది. నొప్పి వచ్చాక గుర్తు తెచ్చుకుని రాస్తే అది పనికిరాదు. నెలకు నాలుగైదుసార్లు నొప్పి వచ్చేవాళ్లకు రెండు నెలల రాత సరిపోతుంది. అంతకంటే తక్కువ వస్తుంటే ఇంకా ఎక్కువ కాలం రాయాలి.

లెక్క ఎలా చూడాలో ఒక ఊహాజనిత ఉదాహరణతో చెబుతాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మాదాపూర్‌కి రోజూ బస్సులో గంటకు పైగా ప్రయాణించి, తొమ్మిదో అంతస్తులో పనిచేసే ఉద్యోగిని అనుకుందాం. తనకు రెండు వాసనలు పడవని ఆమె నమ్మకం: బస్సులో బాడీ స్ప్రేలు, మల్లెపూలు. 60 రోజులు రాసింది. మొత్తం 10 తలనొప్పులు వచ్చాయి.

ముందు మల్లెపూల సంగతి. పక్కవాళ్ల తలలో మల్లెలున్న రోజులు 15, వాటిలో నొప్పి వచ్చినవి 2. మల్లెలు లేని 45 రోజుల్లో నొప్పి వచ్చినవి 8. మల్లెలున్నా లేకపోయినా నొప్పి ఇంచుమించు ఒకే తీరున వస్తోంది. ఇన్నేళ్లుగా చెల్లెలి పెళ్లిలోనూ పూలకు దూరంగా కూర్చున్న మనిషికి ఇది మంచి కబురు.

తర్వాత స్ప్రే. గట్టిగా తగిలిన 20 రోజుల్లో 6 సార్లు నొప్పి, తగలని 40 రోజుల్లో 4 సార్లు. అంటే 30 శాతానికి 10 శాతం. ఇక్కడ ఆపేస్తే స్ప్రే దోషి అని తేలిపోతుంది. కానీ ఆమె పొద్దున తిన్నదీ లేనిదీ కూడా రాసింది కదా, దాన్నీ కలిపి చూద్దాం. స్ప్రే తగిలిన 20 రోజుల్లో పరగడుపున బయల్దేరినవి 8, వాటిలో 5 సార్లు నొప్పి వచ్చింది. తిని బయల్దేరిన 12 రోజుల్లో ఒక్కసారే వచ్చింది. స్ప్రే తగలని 40 రోజుల్లో పరగడుపువి 10, అందులో 3 నొప్పులు. తిన్నవి 30, అందులో ఒక్కటి. మొత్తం మీద పరగడుపున వెళ్లిన 18 రోజుల్లో 8 నొప్పులు, తిని వెళ్లిన 42 రోజుల్లో 2.

ఇప్పుడు పొద్దున నింపిన గడి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. స్ప్రే, పరగడుపు రెండూ కలిసి నొప్పి వచ్చిన ఆ 5 రోజుల్లో రెండు రోజులు ఇంట్లోనే మెడ పట్టేసిందని, దేవుడి దగ్గర అగరబత్తి వాసనకు తల తిరిగినట్టయిందని రాసుంది. ఆ రెండు రోజులు బస్సు ఎక్కకముందే దాడి మొదలైంది. అప్పుడు స్ప్రే మీద మిగిలిన నేరం బాగా చిన్నదవుతుంది. ఆకలి మీద మిగిలింది మాత్రం పెద్దదే. లెక్కలు చిన్నవి కాబట్టి దీన్ని తీర్పు అనుకోకూడదు, అనుమానం అనుకోవాలి. ఆ అనుమానాన్ని పరీక్షించాలంటే ఒక్కదాన్నే మార్చాలి. వచ్చే నాలుగైదు వారాలు ఏమైనా సరే ఇంట్లో రెండు ఇడ్లీలైనా తిని, గ్లాసు నీళ్లు తాగి బయల్దేరాలి. మాస్కు పెట్టుకోవడం, బస్సు మార్చడం, కొత్త మాత్ర అన్నీ ఒకేసారి మొదలుపెడితే, తగ్గినప్పుడు దేనివల్ల తగ్గిందో తెలియదు.

ఈ ఉదాహరణలో ఆకలి తేలింది. మీ పుస్తకంలో నిద్ర తేలవచ్చు, నెలసరి తేలవచ్చు, నిజంగానే ఒక వాసన ఒంటరిగా దోషిగా తేలవచ్చు. అలా తేలినప్పుడు కూడా ఏ వాసనో విడిగా పట్టుకోవడం మంచిది. అత్తరు పడనివాళ్లకు ఫినాయిల్ పడవచ్చు, కలరా ఉండల వాసనకు కుదేలయ్యేవాళ్లకు సాంబ్రాణి ఏమీ చెయ్యకపోవచ్చు. 'వాసనలు పడవు' అని గంపగుత్తగా అనుకుంటే పెళ్లిళ్లు, గుళ్లు, సినిమాలు ఒక్కొక్కటే మానుకుంటూ పోతారు. ఆస్ట్రేలియా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ మార్టిన్ చాలాకాలం వాదించింది దీని గురించే. ప్రతి కారణానికీ దూరంగా పారిపోతే మెదడు దానికి ఇంకా సున్నితమవుతుందని ఆయన అన్నారు. 2014లో వెలువడిన ఆయన ప్రయోగంలో, కారణాలకు దూరంగా ఉండమన్న వాళ్లకంటే, వాటిని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్చుకున్నవాళ్లలో తలనొప్పులు ఎక్కువ తగ్గాయి. అలాగని పడని సెంటును పనిగట్టుకుని పీల్చమని కాదు. పుస్తకంలో దోషిగా తేలని దాన్ని భయంతో వదులుకోవద్దనే నా మాట.

ఇక బస్సు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక పొద్దుటిపూట ముందు భాగంలో నిలబడే చోటు దొరకడమే కష్టమైంది. మైగ్రేన్ మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఈ రెండూ కలిసే చోటు పొద్దున ఎనిమిదిన్నర బస్సు. ఆ సమయంలో వాసన ఎక్కువగా ఉండటానికి కారణం రద్దీ ఒక్కటే కాదు. స్ప్రే కొట్టుకున్న మొదటి పావుగంట, అరగంటలో ఆల్కహాలూ, తేలిగ్గా ఎగిరిపోయే పదార్థాలూ గాల్లోకి వస్తాయి. ఇంట్లో కొట్టుకుని నేరుగా స్టాపుకు వచ్చినవాళ్లు సరిగ్గా ఆ దశలోనే బస్సెక్కుతారు. నూనెలో కలిపిన అత్తరు నెమ్మదిగా వదులుతుంది, కానీ సాయంత్రం దాకా ఉంటుంది. సాయంత్రం బస్సులో కొత్త స్ప్రే తక్కువ, బట్టల్లో పట్టిన పాత వాసన ఎక్కువ. మీ పుస్తకంలో పొద్దుటికీ సాయంత్రానికీ తేడా కనిపిస్తే దీన్ని గుర్తుంచుకోండి.

బ్రెజిల్ అధ్యయనంలో వాసన తగిలిన తర్వాత నొప్పి రావడానికి సగటున 25 నిమిషాలు పట్టింది. ప్రయాణికుడికి ఇది చాలా విలువైన సమాచారం. గుప్పుమన్న మొదటి రెండు మూడు నిమిషాల్లో చోటు మారితే దెబ్బ తప్పించుకునే అవకాశం ఉంటుంది. కానీ మనం చేసేది ఇంకోటి. మొహమాటానికి అక్కడే కూర్చుంటాం, పదినిమిషాల్లో వాసన తగ్గినట్టనిపిస్తుంది, ఫరవాలేదనుకుంటాం. నిజానికి తగ్గింది గాలిలోని వాసన కాదు, ఘ్రాణనాడి దానికి అలవాటు పడిపోయింది. త్రిధారనాడికి తగిలే మంట అంత తొందరగా అలవాటు కాదు, పైగా ఒక్కోసారి పెరుగుతూ పోతుంది. ముక్కులో సన్నటి మంట, కళ్లలో గరగర ఉన్నాయా లేవా చూసుకోండి. వాసన తెలియకపోయినా అవి ఉంటే మోతాదు ఇంకా పడుతూనే ఉంది. ఘాటుగా సెంటు కొట్టుకునేవాళ్ల సంగతీ ఇదే. తమ వాసన తమకు తెలియక రెండుసార్లు కొట్టేది నాలుగుసార్లు కొడతారు. పక్కవాళ్లను ఇబ్బంది పెట్టాలని ఎవరూ కొట్టుకోరు.

కిటికీలు తెరుచుకునే బస్సులో కిటికీ పక్క చోటే మందు. అది దొరకకపోతే తలుపు దగ్గర, స్టాపు స్టాపుకూ కొత్త గాలి వచ్చే చోట నిలబడటం మేలు. ఏసీ బస్సులో అద్దాలు తెరుచుకోవు, లోపలి గాలే చాలామటుకు తిరిగి తిరిగి వస్తుంది. దానికి తోడు డ్రైవరు దగ్గర వేలాడే ఫ్రెషనర్ ఉంటుంది. చల్లగా ఉంటుందని ఎక్కిన ఏసీ బస్సు కొందరికి మామూలు బస్సుకంటే ఎక్కువ హాని చేస్తుంది. ఇది కూడా పుస్తకంలో రాయాల్సిన సంగతే. అడగాల్సి వస్తే "అక్కా, నాకు తలనొప్పి జబ్బుంది, కాస్త కిటికీ తీస్తారా?" అంటే తీయనివాళ్లు అరుదు. "మీ సెంటు కొడుతోంది" అంటే గొడవ మొదలవుతుంది.

మాస్కు గురించి స్పష్టంగా చెప్పాలి. కోవిడ్ రోజుల్లో కొన్న సర్జికల్ మాస్కు గానీ, మామూలు ఎన్95 గానీ సెంటును ఆపవు. అవి దుమ్ము కణాలను, తుంపరలను ఆపుతాయి. సెంటు ఆవిరి రూపంలో నేరుగా దాటిపోతుంది. ఆవిరిని పట్టేది యాక్టివేటెడ్ కార్బన్, అంటే మసిబొగ్గును ప్రత్యేకంగా తయారుచేసి మాస్కులో పెట్టిన నల్లటి పొర. అది కూడా వాసనను పూర్తిగా ఆపదు, తగ్గిస్తుంది. ముక్కు పక్కన సందు లేకుండా బిగుతుగా ఉంటేనే ఆ కాస్తయినా పనిచేస్తుంది. అదీగాక బొగ్గు పట్టగలిగినంత పట్టాక ఇక పనిచేయదు. దాన్ని హ్యాండ్‌బ్యాగులో ఊరికే పడేస్తే, బ్యాగులోని లిప్‌స్టిక్, శానిటైజర్ వాసనలన్నీ పట్టి మీరు పెట్టుకునే సరికే నిండిపోయి ఉంటుంది. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో గాలి చొరకుండా పెట్టుకుని, బస్సెక్కేటప్పుడే తీయాలి. గుడ్డ మాస్కైతే ఉతికిన సబ్బు వాసన కూడా లేకుండా చూసుకోవాలి.

చాలామంది చేతిలో ఉండేది బామ్ డబ్బా. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పటి నుంచి తెలుగువాళ్లకు తలనొప్పి అంటే గుర్తొచ్చేది అదే. ఇలాంటి బామ్‌లలో ఉండే మెంథాల్ చల్లదనాన్ని తెలిపే గ్రాహకాన్ని తడుతుంది. నుదుటికి రాసిన 10 శాతం మెంథాల్ ద్రావణంతో మైగ్రేన్ నొప్పి తగ్గినట్టు ఇరాన్‌లో ఒక చిన్న ప్రయోగంలో తేలింది కూడా. కానీ ఘాటు వాసనలు పడని మనిషికి బామ్ కూడా ఇంకో ఘాటు వాసనే. కొందరికి ఊరట, కొందరికి ఆజ్యం. రద్దీ బస్సులో మీరు రాసుకున్న బామ్ పక్కనున్న ఇంకో మైగ్రేన్ రోగికి తగులుతుంది కూడా. నిమ్మకాయ, కాఫీ గింజలు వాసన చూసేవాళ్లున్నారు. అవి దృష్టిని మళ్లిస్తాయి గానీ గాలిలో ఉన్న సెంటును తీసెయ్యవు.

లిఫ్టు చూడటానికి బస్సుకంటే భయంకరంగా ఉంటుంది. ఎనిమిది మంది పట్టే చిన్న గది, కిటికీ లేదు, ఎవరో దిగిపోయాక కూడా వాళ్ల సెంటు అక్కడే ఉంటుంది. అయినా నా అంచనాలో లిఫ్టు ప్రమాదం బస్సులో సగం కూడా కాదు, ఎందుకంటే తొమ్మిదో అంతస్తుకు నిమిషం పట్టదు. మామూలు రోజున ఆ నిమిషం పెద్దగా ఏమీ చెయ్యదు. పొద్దున గడిలో ఆవులింతలు, మెడనొప్పి రాసుకున్న రోజున మాత్రం తలుపు తెరవగానే గుప్పుమంటే ఎక్కకుండా తర్వాతి లిఫ్టు కోసం ఆగాలి. ఆ రోజున మెట్లెక్కడం మాత్రం తప్పు. శరీరం శ్రమపడితే పెరగడం మైగ్రేన్ నొప్పి లక్షణాల్లో ఒకటి, తొమ్మిది అంతస్తులు ఎక్కితే సెంటు చేయని పని మెట్లు చేస్తాయి. దిగడానికి మెట్లు వాడుకోవచ్చు.

లిఫ్టులో మనుషుల సెంటు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది గోడకు బిగించిన ఫ్రెషనర్ పెట్టె. నిమిషాల లెక్కన బుస్సుమని కొడుతుంది. రోజుకు నాలుగుసార్లు ఎక్కిదిగేవాళ్లకు నాలుగుసార్లూ తగులుతుంది. మనుషుల అలవాటు మార్చడం కష్టం, ఈ పెట్టె తీయించడం సులువు. భవనం నిర్వహణ చూసే ఆఫీసుకు ఒక ఉత్తరం, దాని మీద ఇద్దరు ముగ్గురు తోటి ఉద్యోగుల సంతకాలు చాలు. లిఫ్టు ఫ్యాను పనిచేస్తోందో లేదో కూడా అదే ఉత్తరంలో అడగండి. ఆఫీసులో పక్క కుర్చీ వాళ్లతో మాట్లాడటం ఇంకో పని. నలుగురిలో కాకుండా విడిగా, వాళ్ల సెంటు బాగోలేదని కాకుండా మీ జబ్బు గురించి చెప్పాలి: "నాకు మైగ్రేన్ ఉందండీ, ఏ సెంటైనా దగ్గరగా ఉంటే వచ్చేస్తుంది. ఆఫీసుకు వచ్చే రోజుల్లో కాస్త తగ్గించగలరా?" అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2009లో తన కార్యాలయాల్లో సెంట్లు, ఫ్రెషనర్లు వాడొద్దని నియమమే పెట్టింది. అడగడం అతిగా ప్రవర్తించడమేమో అని జంకేవాళ్లకు ఈ సంగతి ధైర్యమిస్తుంది.

మందుల విషయంలో పుస్తకానికి ఇంకో ఉపయోగం ఉంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలైనా, సుమాట్రిప్టాన్ లాంటి మైగ్రేన్ మాత్రలైనా నొప్పి మొదలైన తొలి దశలో వేసుకుంటే బాగా పనిచేస్తాయి, వాంతులు మొదలయ్యాక వేసుకుంటే కడుపులోనే ఉండిపోతాయి. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లు ట్రిప్టాన్ మాత్రలు వాడకూడదు, అందుకే అవి వైద్యుడు రాస్తేనే వేసుకోవాలి. 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో సీజీఆర్‌పీని అడ్డుకునే ఉబ్రోజెపాంట్ మాత్రను నొప్పి రాకముందే, హెచ్చరిక లక్షణాలు కనిపించగానే ఇచ్చారు. తర్వాతి 24 గంటల్లో మోస్తరు లేదా తీవ్ర నొప్పి రానిది మాత్ర వేసుకున్నప్పుడు 46 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నప్పుడు 29 శాతం. పొద్దున అగరబత్తి ఎక్కువగా కొట్టిన రోజును గుర్తుపట్టడం ఎంత విలువైందో దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ ప్రతి వాసనకూ ముందు జాగ్రత్తగా మాత్ర మింగే అలవాటు చేసుకోకండి. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, ట్రిప్టాన్లు లేదా రెండు మూడు మందులు కలిపిన మాత్రలు 10 రోజులు దాటితే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెచ్చిపెడతాయి. పుస్తకంలో మాత్రల గడి పెట్టమన్నది అందుకే. నెలకు నాలుగు రోజులకు మించి నొప్పి వస్తుంటే రోజూ వేసుకునే నివారణ మందుల గురించి వైద్యుడితో మాట్లాడాలి. ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్, ఫ్లూనారిజిన్ మన దగ్గర ఎక్కువగా రాసేవి. ఇవి కుదిరితే మెదడు ఓర్పు పెరుగుతుంది, నొప్పి వచ్చే రోజులు తగ్గుతాయి.

ఒక వాసన గురించి మాత్రం విడిగా చెప్పాలి. చుట్టూ ఎక్కడా లేని వాసన, ఏదో కాలుతున్నట్టో కుళ్లినట్టో, కొన్ని నిమిషాలు వచ్చిపోతుందని కొందరు చెబుతారు. ఇంట్లో ఇంకెవరికీ అది తెలియదు. కొందరిలో అది మైగ్రేన్ ముందు వచ్చే సూచనే, కానీ మెదడులో ఒక పక్క నుంచి పుట్టే మూర్ఛకూ అదే లక్షణం ఉంటుంది. దాన్ని పుస్తకంలో సమయంతో సహా రాసి, న్యూరాలజిస్టుకు చూపించాలి. యాభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, ఒక్క నిమిషంలో పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం వస్తే పుస్తకం పక్కన పెట్టి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.